వంతెన అలాగే ఉన్నారు

ఓ జిల్లా పత్రిక డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో నా చేతుల మీదుగా అచ్చుకెళ్ళిన వాక్యం ఇది:

'మొన్నటి వరదలకు దెబ్బతిన్న వంతెన, దాని మీదుగా రోజూ పట్నానికి పాలు తీసుకెళ్ళే రైతులు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, అధికారులు వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళినా, ఇప్పటికీ అలాగే ఉన్నారు.'

మర్నాడు మా సీనియర్ ఒకాయన పేపరు మడిచి పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చి, 'ఏమయ్యా, వంతెనగారు కులాసాయేనా?' అని అడిగారు. నాకు అర్థం కాలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక కూడా ఇంకోసారి చదువుకోవలసి వచ్చింది. అలాగే ఉన్నది వంతెన. నేను రాసింది 'ఉన్నారు'. అచ్చుకు పంపే ముందు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నా కంటికి అది శుభ్రంగానే కనబడింది.

'వంతెన అలాగే ఉన్నారు' అని విడిగా రాస్తే రెండో తరగతి పిల్లవాడు కూడా నవ్వుతాడు. తెలుగు ఇంటిభాష అయినవాళ్ళెవరికీ ఈ పొంతన ఒకరు నేర్పనక్కర్లేదు. అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది, బస్సులు వచ్చాయి, చుట్టాలు వచ్చారు, నేను వచ్చాను, మేం వచ్చాం. క్రియ చివర ఉన్న ఆ చిన్న ముక్క, డు, ది, యి, రు, ను, ము, ఏదైతేనేం, కర్త ఎవరో చెప్పేస్తుంది. అందుకే మనం కర్తను ఎగరగొట్టి 'వచ్చాడా?' అని మాత్రం అడిగినా ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఒక్కతే ఉన్నప్పుడు ఆడమనిషి బస్సుతో జతకట్టి 'వచ్చింది' అనిపించుకుంటుంది. నలుగురు చేరితే మగవాళ్ళ వరుసలోకి వెళ్ళి 'వచ్చారు' అనిపించుకుంటుంది. మహత్తు, అమహత్తు అని వ్యాకరణం చేసిన విభజన ఇదే. తెలంగాణలో 'వచ్చిండు, వచ్చిన్రు, వచ్చినయి' అన్నా, కోస్తాలో 'వచ్చాడు, వచ్చారు, వచ్చాయి' అన్నా ముక్క రూపం మారుతుంది గానీ లెక్క మారదు.

ఇంత పుట్టుకతో వచ్చిన విద్య పదహారు మాటలు అడ్డం రాగానే ఎలా ఎగిరిపోయింది? నా వాక్యంలో 'వంతెన'కూ 'ఉన్నారు'కూ మధ్య ఉన్నవి సరిగ్గా పదహారు.

ఒక కారణం మన వాక్యం కట్టుబడిలోనే ఉంది. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది. కర్త తరచూ మొదట కూర్చుంటుంది. చెప్పదలచుకున్నదంతా, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎవరితో, ఏం చేసి, ఏం చేస్తూ, అన్నీ ఆ రెంటి నడుమే ఇమడాలి. రెండో కారణం నాకు చాలాకాలం తట్టలేదు. ఆ నడుమ వచ్చే క్రియలేవీ కర్తను గుర్తు చెయ్యవు. 'నేను వెళ్ళినా, ఆమె వెళ్ళినా, వాళ్ళు వెళ్ళినా' అంటాం. 'వెళ్ళినా' అనే మాట ఎవరి కోసమూ మారదు. 'వచ్చి', 'తీసుకుని', 'తీసుకెళ్ళే' కూడా అంతే. అసమాపక క్రియలకు ఆ డు, ది, రు తోకలు ఉండవు. నా వాక్యం మధ్యలో అలాంటివి ఐదున్నాయి. ఐదింటిలో ఒక్కటి కూడా 'ఒరే, మనం మాట్లాడుతున్నది వంతెన గురించి' అని చెప్పదు. తోక అంటూ తగిలించవలసింది ఆఖరి క్రియకు మాత్రమే. అక్కడికి చేరేసరికి రాసేవాడి చెవిలో ఇంకా మోగుతున్నవి రైతులు, అధికారులు. చెయ్యి దానంతట అదే 'ఉన్నారు' అని రాసేస్తుంది.

ఇది మనకొక్కళ్ళకే వచ్చిన జబ్బు కాదు. 1991లో కాథరిన్ బాక్, కేరల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడేవారికి వాక్యాల మొదటి సగం వినిపించి మిగతాది పూర్తి చెయ్యమన్నారు. 'ది కీ టు ది క్యాబినెట్స్' లాంటి మొదలు విన్నవాళ్ళలో కొందరు, తాళంచెవి ఒక్కటే అయినా, పక్కనున్న బీరువాలను చూసి 'ఈజ్' బదులు 'ఆర్' అనేశారు. అసలు మాట ఏకవచనమై పక్క మాట బహువచనమైతే తప్పులు ఎక్కువ దొర్లాయి. తారుమారు చేస్తే, అంటే తాళంచెవులు ఎన్నో ఉండి బీరువా ఒక్కటే ఉంటే, అంతగా దొర్లలేదు. పక్కనున్న బహువచనానికి లాగే గుణం ఉందన్నమాట.

అయితే ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లోని చిట్కాలను తెచ్చి మన వాక్యాలకు అతికిస్తే పని జరగదు. వాళ్ళ బీరువాలు తాళంచెవి తరవాత వస్తాయి, క్రియకు అడ్డంగా నిలబడతాయి. మనం 'బీరువాల తాళంచెవి పోయింది' అంటాం. బీరువాలు ముందే వచ్చి తప్పుకుంటాయి, తాళంచెవి వెళ్ళి క్రియ పక్కన కూర్చుంటుంది. అక్కడ మనం తప్పు చెయ్యడం అరుదు. మనకు అడ్డం వచ్చేవి వేరు. కర్త చెప్పేశాక దూర్చే 'చేసినా, చేసి, చేస్తుండగా' అనే ఉపవాక్యాలు, వాటిలో దాక్కున్న వేరే కర్తలు, ఇంకా ప్రత్యయం తగిలించకుండా వదిలేసిన కర్మలు.

మా సీనియర్ నాకు నేర్పింది పెన్సిలు పని. వాక్యాన్ని మొదటి నుంచి కాదు, చివరి నుంచి చదవమన్నారు. ముందు ఆఖరి క్రియ కింద గీత గీయాలి. నా వాక్యంలో అది 'ఉన్నారు'. దాని తోక 'రు' కాబట్టి మనుషులెవరో కొందరై ఉండాలి, లేదా మన్నించవలసిన ఒక్కరై ఉండాలి. అది మనసులో పెట్టుకుని వెనక్కి నడుస్తూ, కర్త కాలేని మాటలను ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి.

'వెళ్ళినా' దగ్గర ఆగుదాం. అది అసమాపక క్రియ. దానికి తన సొంత కర్త ఉంది, అధికారులు. వచ్చిందీ, కొలతలు తీసుకున్నదీ, వెళ్ళిందీ వాళ్ళే. ఆ కుటుంబం కుటుంబమంతా ఒక మూట. మూటతో సహా కొట్టెయ్యాలి. ఇక్కడే చాలామంది జారతారు. 'వెళ్ళినా' ఒక్కదాన్నే కొట్టేసి 'అధికారులు'ను వదిలేస్తారు. అది ప్రథమా విభక్తిలోనే ఉంది, కర్తే అనిపిస్తుంది, 'ఉన్నారు'తో చక్కగా అతుకుతుంది కూడా. అది కర్తే, కానీ 'ఉన్నారు'కు కాదు, 'వెళ్ళినా'కు. ఇంకా వెనక్కి వెళితే 'మొరపెట్టుకున్నా', దాని కర్త రైతులు. 'దాని మీదుగా రోజూ పట్నానికి పాలు తీసుకెళ్ళే' అన్నది ఆ రైతులకు తగిలించిన విశేషణం. అదొక మూట, అదీ పోయింది. మొదట్లో 'వరదలకు' ఉంది. 'కు' తగిలింది కాబట్టి అది ఈ వాక్యంలో కర్త కాదు. 'దెబ్బతిన్న' అనేది వంతెనకు విశేషణం. ఇక మిగిలినవి: వంతెన, ఇప్పటికీ, అలాగే, ఉన్నారు. మిగిలిన మాటలను కలిపి పైకి చదవాలి. కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది.

విభక్తి ప్రత్యయాలు ఇక్కడ భలే పనికొస్తాయి. బళ్ళో 'డు ము వు లు ప్రథమా విభక్తి' అని వల్లించినప్పుడు అదెందుకో మనకెవరూ చెప్పలేదు. ని, ను, కి, కు, తో, చేత, లో, వల్ల, కోసం తగిలిన మాటను దాదాపు కళ్ళు మూసుకుని కొట్టెయ్యవచ్చు. 'రైతులకు, ఎన్నికల ముందు నాయకులు ఊరూరా తిరిగి చెప్పినట్టుగా, పరిహారం అందారు' అని ఎవరైనా రాస్తే, 'రైతులకు' పోతుంది, నాయకులు 'చెప్పినట్టుగా' మూటలో పోతారు, 'పరిహారం అందారు' మిగిలి నవ్వు తెప్పిస్తుంది. మనకు ఆకలి, కోపం, జ్వరం, అప్పు, ఆస్తి అన్నీ 'కి, కు'ల మీదే వస్తాయి. ఎంత పెద్దమనిషి అయినా 'ఆయనకు కోపం వచ్చింది' అంటాం. వచ్చింది కోపం కాబట్టి.

ఈ పెన్సిలు పద్ధతి ఒకచోట తడబడుతుంది. ఈ వాక్యం చూడండి: 'పురపాలక సంఘం ప్రధాన రహదారికి ఇరువైపులా మురుగు కాలువలు, నడకదారులు, వీధి దీపాలు మూడు నెలల్లోనే ఏర్పాటు చేశాయి.' కొట్టేయవలసినవన్నీ కొట్టేశాక కూడా సంఘం, కాలువలు, నడకదారులు, దీపాలు మిగిలే ఉంటాయి. ఒక్కదానికీ ప్రత్యయం లేదు. మనుషులైతే ఈ చిక్కు రాదు, 'పోలీసులు దొంగలను పట్టుకున్నారు' అని 'ను' పెట్టి తీరతాం. ప్రాణం లేని వస్తువుల దగ్గరే మన భాష 'ను' పెట్టినా పెట్టకపోయినా ఊరుకుంటుంది. 'పుస్తకం చదివాను' అంటాం గానీ ప్రతిసారీ 'పుస్తకాన్ని' అనం. ఆ వెసులుబాటు వల్ల దీపాలు కర్తలా వేషం వేసుకుని క్రియ పక్కకొచ్చి కూర్చున్నాయి, 'చేశాయి' అనిపించుకున్నాయి.

వేషం తీసేయడం సులువే. వదిలేసిన 'ను'ను తిరిగి తగిలించి చూడాలి. 'దీపాలను ఏర్పాటు చేసింది' అంటే అర్థం చెడలేదు, కాబట్టి దీపాలు కర్మ. 'సంఘాన్ని ఏర్పాటు' అంటే అర్థమే వేరైపోయింది, కాబట్టి సంఘమే కర్త. 'సంఘం ఏర్పాటు చేసింది.' నన్నడిగితే పెద్ద వాక్యాల్లో ఆ 'ను'ను అలాగే ఉంచెయ్యడం మంచిది. ఒక్క అక్షరం ఖర్చుతో చదివేవాడికి శ్రమ తప్పుతుంది.

సంఘం మాట వచ్చింది కాబట్టి, పత్రికల్లో నేను దిద్దినవాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడిన రకం గురించి కూడా చెప్పాలి. 'విచారణ కమిటీ రెండు రోజుల పాటు గ్రామంలో పర్యటించి, బాధితులతో, సాక్షులతో, స్థానిక నాయకులతో మాట్లాడి, వారు చెప్పిన వివరాలు నమోదు చేసుకుని శుక్రవారం తిరిగి వెళ్ళారు.' ఇక్కడ వేరే కర్త దూరలేదు. బాధితులకూ సాక్షులకూ 'తో' ఉంది, 'వారు' అనేది 'చెప్పిన'తో పోయింది. మొదటి నుంచి చివరి దాకా పని చేసింది కమిటీయే. మారింది రాసేవాడి మనసులోని బొమ్మ. మొదలుపెట్టినప్పుడు కమిటీ ఒక సంస్థ. పర్యటించి, మాట్లాడి, రాసుకునేసరికి కళ్ళజోళ్ళు పెట్టుకుని ఫైళ్ళు పట్టుకున్న నలుగురు మనుషులైపోయింది. మనుషులు కనబడ్డాక 'వెళ్ళింది' అనడానికి నోరు రాదు. దీనికి మందు రెండు రకాలు. ఆఖర్న 'వెళ్ళింది' అని దిద్దడం ఒకటి. మొదటే 'కమిటీ సభ్యులు' అని మొదలుపెట్టడం రెండోది. చేసిన పనులన్నీ మనుషులు చేసేవే అయితే నేను రెండోదే ఎంచుకుంటాను. ప్రభుత్వం, యాజమాన్యం, బృందం, కుటుంబం, ధర్మాసనం, అన్నీ ఈ గుంపులోవే. జనం మాత్రం కాదు. రూపంలో ఏకవచనంలా ఉన్నా 'జనం వచ్చారు' అన్నదే సరైన తెలుగు. దాన్ని దిద్దబోతే చెడగొట్టినట్టే.

'తో పాటు' అనేది ఇంకో ఉచ్చు. 'ఏనుగు, తన రెండు పిల్లలతో పాటు, రాత్రి చెరకు తోటలోకి వచ్చాయి.' వచ్చినవి మూడు జంతువులు అన్న మాట నిజమే, కానీ వ్యాకరణం తలకాయలు లెక్కపెట్టదు. 'తో' తగిలాక పిల్లలు కర్తలో భాగం కావు, తోడు మాత్రమే. 'ఏనుగు వచ్చింది' అనాలి. 'నేను మా అమ్మతో కలిసి వెళ్ళాను' అనే మాటను 'వెళ్ళాం' అని మనం అనుకోము కదా, అదే లెక్క. మూడూ కలిసి రావాలంటే 'ఏనుగూ, దాని రెండు పిల్లలూ వచ్చాయి' అని ఊ చేర్చి సమానంగా నిలబెట్టాలి.

'సంఖ్య', 'ఒకటి' అనే మాటలు ఉన్నచోట కూడా పెన్సిలు తీయడం మంచిది. 'పదో తరగతి పరీక్షలు రాస్తున్న విద్యార్థుల సంఖ్య, నిరుటితో పోలిస్తే, మూడు మండలాల్లో బాగా తగ్గారు' అని రాసినవాళ్ళున్నారు. తగ్గింది సంఖ్య. విద్యార్థులు బరువు తగ్గారేమోనని చదివినవాడు కంగారుపడతాడు.

ఇంత వెతికినా కొన్ని వాక్యాల్లో తప్పు దొరకదు, ఎందుకంటే అక్కడ తప్పు పడే వీలే లేదు. 'నేను రాలేదు, ఆమె రాలేదు, బస్సులు రాలేదు, మంత్రులు రాలేదు.' జరగని పని గురించి చెప్పే ఈ 'లేదు' అందరికీ ఒకటే. 'రావాలి, రావచ్చు, రాకూడదు' కూడా అంతే. నా వంతెన వాక్యం 'ఇప్పటికీ బాగుపడలేదు' అని ముగిసి ఉంటే సీనియర్‌కు దొరికేవాణ్ణి కాను. అయితే ఉండటం, లేకపోవడం గురించి చెప్పే 'లేదు' వేరు. అది లేదు, లేవు, లేరు అని మారుతుంది. 'ఊళ్ళో ఉన్న మూడు బోర్లలో, ఈ ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి, చుక్క నీళ్ళు లేదు' అనడం తప్పు. నీళ్ళు, పాలు, పెసలు, కందులు ఎప్పుడూ బహువచనాలే, 'నీళ్ళు లేవు' అనాలి. 'నీరు లేదు' అన్నా సరిపోతుంది.

గౌరవం తెచ్చే చిక్కు కూడా ఉంది. 'అధ్యక్షుడు, కార్యకర్తలు నినాదాలు చేస్తుండగా, వేదిక దిగి వెళ్ళిపోయారు.' ఇది తప్పని చెప్పలేం. అధ్యక్షుడికి మన్నన ఇచ్చి 'వెళ్ళిపోయారు' అని ఉండవచ్చు, కార్యకర్తల ఊపులో దొర్లినదీ అయి ఉండవచ్చు. ఆ ఒక్క వాక్యం చూసి తేల్చలేం. కథనంలో ముందు వెనకలు చూడాలి. పై పేరాలో 'అధ్యక్షుడు అన్నాడు' అని ఉండి ఇక్కడ 'వెళ్ళిపోయారు' అని ఉంటే దొర్లిందనే అర్థం. ఎక్కడికక్కడ మన్నన పెంచుతూ తగ్గిస్తూ పోవడం చదివేవాడికి చిరాకు తెప్పిస్తుంది.

ఆఖరుగా, పెన్సిలుకు లొంగని వాక్యం ఒకటి. పిడుగుపడి ఒక రైతూ, అతని రెండెడ్లూ పోయాయన్న వార్త. 'పొలంలో దుక్కి దున్నుతున్న రైతు, అతని రెండెడ్లు, వాన మొదలై చెట్టు కిందికి చేరిన కాసేపటికే పిడుగు పడి...' ఇక్కడ క్రియకు ఏ తోక పెట్టాలి? 'చనిపోయారు' అంటే ఎడ్లను మనుషుల్లో కలిపినట్టు. 'చనిపోయాయి' అంటే చచ్చిపోయిన మనిషిని పశువుల్లో కలిపినట్టు. తెలుగు బహువచనంలో మనుషులకూ మిగతావాటికీ ఉమ్మడి తోక లేదు. మా డెస్కులో దీని మీద ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. చివరికి సీనియర్ వాక్యాన్ని విరిచేశారు. రైతు చనిపోయాడని ఒక వాక్యం, అతని రెండెడ్లు కూడా చనిపోయాయని ఇంకో వాక్యం. అచ్చయింది అలాగే.